ఐదున్నర సెకన్ల మాట

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ కళా మ్యూజియం తలుపులు తెరుచుకున్నాయి. భవనాన్ని రూపొందించినవాడు అమెరికాలో పేరుమోసిన వాస్తుశిల్పి రిచర్డ్ మోరిస్ హంట్. అందులో అర్ధచంద్రాకారంగా బల్లలు వేసిన ఒక ఉపన్యాస మందిరం ఉంది. కళాచరిత్ర పాఠాలు అక్కడే జరగాలి. పాఠాలు మొదలయ్యాక తెలిసింది, ఆ గదిలో ఎవరు మాట్లాడినా ఎవరికీ అర్థం కావడం లేదని. గొంతు చిన్నదై వినపడకపోవడం కాదు. వినపడుతోంది, కావలసినదానికన్నా ఎక్కువగానే వినపడుతోంది. మామూలు గొంతుతో అన్న ఒక్క మాట ఐదున్నర సెకన్ల పాటు గదిలోనే తిరుగుతోంది. ఎంత నిదానంగా మాట్లాడేవాడైనా ఆ వ్యవధిలో మరో పన్నెండు, పదిహేను అక్షరాలు పలుకుతాడు. అంటే పదిహేనో అక్షరం పలికే వేళకు మొదటిది ఇంకా చావలేదు. అన్నీ కలిసి ఒకే హోరు.

విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఈ పనిని భౌతికశాస్త్ర విభాగంలోని ఒక కుర్ర అధ్యాపకుడికి అప్పగించాడు. అతని పేరు వాలెస్ సాబిన్, వయసు 27. ధ్వనిశాస్త్రంలో అంతవరకు అతను చేసిన పరిశోధనేమీ లేదు. అప్పటికి హాళ్ళ ధ్వని గురించి లోకంలో ఉన్నది కూడా ఊహలే. పొడవు, వెడల్పు, ఎత్తుల మధ్య ఫలానా నిష్పత్తి ఉండాలని ఒకరు, తీగలు కడితే ప్రతిధ్వని చస్తుందని మరొకరు నమ్మేవారు. కట్టాక హాలు బాగుంటే అదృష్టం, లేకపోతే ఖర్మ. అలాంటి రోజుల్లో సాబిన్ ఆ ఒక్క గదిని పట్టుకుని మూడేళ్ళు కూర్చున్నాడు. ఆయన అక్కడ కనుగొన్న చిన్న సూత్రాన్నే ఈనాటికీ ప్రతి హాలుకూ మొట్టమొదట వాడుతున్నారు. ఈ అధ్యాయమంతా ఆ సూత్రం ఎలా పుట్టిందో, దాంతో ఏం చేయవచ్చో, అది ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్పడానికే.

ముందు ఆ హోరు ఏమిటో విడదీసి చూద్దాం. ఉపాధ్యాయుడి నోట వెలువడిన శబ్దం అన్ని దిక్కులకూ పోతుంది. నేరుగా మీ చెవిని చేరేది అందులో చాలా చిన్న భాగం. మిగిలినదంతా గోడకు, పైకప్పుకు, నేలకు తగిలి వెనక్కి వస్తుంది, మళ్ళీ ఎక్కడో తగులుతుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. పదిహేను మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల ఎత్తు ఉన్న ఒక సెమినార్ హాలును ఊహించుకోండి. అందులో శబ్దం ఒక తలానికి తగిలాక మరో తలానికి తగలడానికి సగటున 4.8 మీటర్లు పోతుంది. లెక్క కడితే సెకనుకు డెబ్బై సార్లు గోడలకు తగులుతున్నట్టు. సిమెంటు పూత పూసిన గోడ తగిలిన ప్రతిసారీ నూటికి రెండు, మూడు పాళ్ళు మాత్రమే మింగి మిగతాది తిప్పి పంపేస్తుంది. తలుపులు, బల్లలు, సామాను కలుపుకుని సగటున నూటికి ఐదు అనుకుందాం. అలా ప్రతి తాకిడికీ నూటికి ఐదు చొప్పున తరుగుతూ మొదటి శక్తిలో పది లక్షవ వంతు మిగలాలంటే సుమారు 270 తాకిళ్ళు పడతాయి. సెకనుకు డెబ్బై చొప్పున అది 3.8 సెకన్ల పని.

శబ్దశక్తి పది లక్షవ వంతుకు పడిపోవడానికి పట్టే ఈ కాలాన్నే ప్రతినాద కాలం అంటారు. డెసిబెల్ లెక్కలో అది 60 డెసిబెల్‌ల పతనం. పది లక్షలు అనే అంకె గాలిలోంచి ఊడిపడింది కాదు. సాబిన్ వాడిన ఆర్గన్ గొట్టం శబ్దం, చెవికి వినపడగల అతి చిన్న శబ్దం కన్నా సుమారు పది లక్షల రెట్లు శక్తిమంతమైనది. అది వినపడకుండా పోయేవరకు ఆయన కాలం కొలిచాడు కాబట్టి ఆ నిష్పత్తి అలా స్థిరపడింది.

ప్రతిధ్వనికీ ప్రతినాదానికీ తేడా కూడా ఇక్కడే చెప్పుకోవాలి. కొండ ముందు నిలబడి కేకేస్తే కాసేపటికి ఆ కేక విడిగా తిరిగి వినిపిస్తుంది. అది ప్రతిధ్వని. నేరుగా వచ్చిన శబ్దానికీ తిరిగి వచ్చినదానికీ మధ్య సెకనులో ఇరవయ్యో వంతు కన్నా ఎక్కువ ఎడం ఉంటే, మాటల విషయంలో చెవి ఆ రెండింటినీ విడదీసి వినడం మొదలుపెడుతుంది. గదిలో తిరుగుడు శబ్దాలు వేలల్లో, ఒకదాని మీద ఒకటి దూసుకువస్తాయి. చెవి వాటిని లెక్కపెట్టలేదు. వాటిని సాగుతూ సన్నగిల్లే ఒకే తోకలా వింటుంది. ఆ తోకే ప్రతినాదం.

తోక మాటను ఎలా చెడగొడుతుంది? పాట, మాట, బాట, వాట అని నాలుగు మాటలు వరసగా పలికి చూడండి. నాలుగింటికీ తేడా మొదటి హల్లులోనే ఉంది. మాటలో బలమంతా అచ్చుది, అర్థాన్ని విడదీసే పని ఎక్కువగా హల్లుది. హల్లు క్షణంలో పుట్టి పోతుంది, బలం తక్కువ. అంతకుముందు పలికిన ఆకారం గదిలో ఇంకా మోగుతూ ఉంటే, దాని కింద తరువాతి మాటలోని హల్లు మునిగిపోతుంది. వెనక బెంచీ విద్యార్థికి అచ్చులు మాత్రం బాగా వినపడతాయి. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. ఫాగ్ మందిరంలో జరిగింది ఇదే. దీనికి లౌడ్‌స్పీకర్ పెట్టినా లాభం లేకపోవడం కూడా ఇందుకే: మాటను ఎంత పెంచితే దాని తోక కూడా అంతే పెరుగుతుంది, వాటి నిష్పత్తి మారదు.

సాబిన్ మొదట ఈ తోకను గ్యాసు మంట కదలికతో కొలవాలని చూసి, అది పనికిరాక, చివరికి తన చెవినే పరికరంగా ఎంచుకున్నాడు. సామగ్రి చాలా సాదా: సెకనుకు 512 కంపనాలు చేసే ఒక ఆర్గన్ గొట్టం, దాన్ని ఒకే ఒత్తిడితో ఊదడానికి గాలి ట్యాంకు, కాలాన్ని గీతగా నమోదు చేసే క్రోనోగ్రాఫ్. గొట్టం కాసేపు మోగుతుంది. గది శబ్దంతో నిండాక దాన్ని ఆపేస్తారు, ఆ క్షణం కాగితం మీద పడుతుంది. ఇక వినపడటం లేదు అనిపించిన క్షణాన సాబిన్ మీట నొక్కుతాడు. రెండింటి మధ్య దూరమే కాలం. పగలు వీధిలో బండ్ల చప్పుడు. అందుకని పని అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లవారకముందే ముగిసేది. ఖాళీ గదికి అలా వచ్చిన అంకె దాదాపు 5.6 సెకన్లు. గది ఘనపరిమాణం 2,740 ఘనమీటర్లు.

అప్పుడు ఆయన పరుపులు తెప్పించాడు. అదే విశ్వవిద్యాలయంలో సాండర్స్ థియేటర్ అనే మరో పెద్ద సభామందిరం ఉంది. లోపలంతా చెక్క, మాట స్పష్టంగా వినపడుతుందని దానికి మంచి పేరు. అక్కడి బల్లల మీద పరిచే పొడవాటి కుషన్‌లను రాత్రిళ్ళు మోయించి తెచ్చి ఫాగ్ మందిరంలో పరిచేవారు, కాలం కొలిచేవారు, మరికొన్ని పరిచేవారు, మళ్ళీ కొలిచేవారు. తెల్లవారేసరికి అన్నీ తీసుకెళ్ళి యథాస్థానంలో పెట్టాలి, పొద్దున సాండర్స్‌లో జనం కూర్చోవాలి కదా. అంకెలు ఇలా దిగాయి: 63 మీటర్ల కుషన్ పరిస్తే 5.6 సెకన్లు కాస్తా 3.94 అయింది. 128 మీటర్లకు 3.00. 242 మీటర్లకు 2.22. ఆ తరువాత బల్లల మీద చోటు చాలక నడవల్లో, వేదిక మీద, వెనక గోడకు కూడా కుషన్‌లు వేసి సాండర్స్‌లో ఉన్నవన్నీ దింపేసరికి కాలం 1.14 సెకన్లకు వచ్చింది.

ఈ కొలతల్లో ఆయన చూపిన పట్టుదలకు ఒక ఉదాహరణ చాలు. అంకెలు ఒక రాత్రికీ మరో రాత్రికీ సూక్ష్మంగా మారుతున్నాయి. కారణం వెతికితే తేలింది, తాను వేసుకునే బట్టలు మారుతున్నాయి. దళసరి కోటు శబ్దాన్ని ఎక్కువ మింగుతోంది. అంతవరకు తీసిన వేల కొలతలను ఆయన పక్కన పారేశాడు. ఆపైన ప్రతి రాత్రీ అదే చలికాలపు కోటు, అదే ప్యాంటు, అవే బూట్లు. రెండు వేల ఏడు వందల ఘనమీటర్ల గదిలో ఒక మనిషి వేసుకున్న బట్టల తేడా కొలతలో కనపడిందంటే ఆ చెవి, ఆ క్రమశిక్షణ ఎంతటివో అర్థమవుతుంది. మనకు ఇంకో సంగతి కూడా అర్థం కావాలి: మనుషులే మంచి శోషకాలు. సభలో కిక్కిరిసి కూర్చున్న ఒక్కో మనిషి సుమారు 0.44 చదరపు మీటర్ల తెరిచిన కిటికీతో సమానమని సాబిన్ తేల్చాడు.

తెరిచిన కిటికీ ఆయన ఎంచుకున్న కొలబద్ద. కిటికీ మీద పడిన శబ్దం బయటికి పోయి మళ్ళీ రాదు, అంటే నూటికి నూరు పాళ్ళూ మింగినట్టే. ఒక చదరపు మీటరు గోడ నూటికి మూడు పాళ్ళు మింగితే అది 0.03 చదరపు మీటర్ల కిటికీతో సమానం. ఆ 0.03నే శోషణ గుణకం అంటారు. గదిలోని ప్రతి తలం వైశాల్యాన్ని దాని గుణకంతో గుణించి అన్నీ కూడితే గది మొత్తానికి ఎన్ని చదరపు మీటర్ల కిటికీ ఉన్నట్టో తెలుస్తుంది. దాన్ని A అందాం.

అంకెలు చేతికొచ్చాయి గాని వాటిని కలిపే దారం చాలాకాలం దొరకలేదు. 1898లో బోస్టన్ నగరంలో కొత్త సంగీత మందిరం కట్టబోతూ సాబిన్ సలహా అడిగారు. చెప్పడానికి సూత్రం లేదు. ఆ ఒత్తిడిలో పాత కాగితాలు ముందేసుకున్న ఒక సాయంత్రం, కుషన్ పొడవుకూ కాలానికీ మధ్య వచ్చే వక్రరేఖ ఏమిటో ఆయనకు స్ఫురించింది. అది లంబ అతిపరావలయం. పక్కనున్న తల్లితో ఆ మాట గట్టిగా చెప్పాడని ఆయన జీవితచరిత్రలో ఉంది.

గుట్టు ఏమిటంటే, కుషన్‌లు లేనప్పుడు కూడా గది శబ్దాన్ని కొంత మింగుతూనే ఉంది. ఆ గోడలు, పైకప్పు, బల్లలు అన్నీ కలిసి ఎన్ని మీటర్ల కుషన్‌తో సమానమో కనిపెట్టి దాన్ని కూడా కలపాలి. ఆ అంకె సుమారు 146 మీటర్లు. ఇప్పుడు చూడండి: ఖాళీ గదికి 146ను 5.6తో గుణిస్తే దాదాపు 820. 63 మీటర్లు పరిచినప్పుడు 146, 63 కలిపి 209, దాన్ని 3.94తో గుణిస్తే 823. 128 పరిచినప్పుడు 274ను 3.00తో గుణిస్తే 822. లబ్ధం కదలడం లేదు. మొత్తం శోషణ రెట్టింపయితే కాలం సగమవుతుంది, అంతే. 242 మీటర్ల దగ్గర లబ్ధం 861 వస్తుంది, నూటికి ఐదు పాళ్ళ తేడా. బల్లల మీద కిక్కిరిసి పరిచిన కుషన్‌లు ఒకదాని పని మరొకటి కొంత లాక్కోవడం అందుకు కారణం కావచ్చు.

గదుల పరిమాణం మారినప్పుడు లబ్ధం ఘనపరిమాణాన్ని బట్టి పెరుగుతుంది. అలా తుది రూపం వచ్చింది:

T = 0.161 V / A

V ఘనమీటర్లలో, A చదరపు మీటర్లలో, T సెకన్లలో. గది పెద్దదయితే తాకిడికీ తాకిడికీ మధ్య దూరం పెరుగుతుంది, కాబట్టి T పెరుగుతుంది. మింగే వైశాల్యం పెరిగితే తగ్గుతుంది. సాబిన్ స్వయంగా వేసిన గుణకం 0.164. తరువాత శబ్దవేగం నుంచి లెక్క కట్టి 0.161గా సవరించారు.

ఇప్పుడు ఫాగ్ మందిరానికి వైద్యం ఎంత పడుతుందో మనమే లెక్క వేయవచ్చు. 0.161ను 2,740తో గుణిస్తే 441. ఖాళీ గదిలో T 5.6 కాబట్టి A దాదాపు 79 చదరపు మీటర్లు. అంత పెద్ద గదికి ఉన్న కిటికీ అంతేనన్నమాట. మూడు వందల మంది వచ్చి కూర్చుంటే వాళ్ళు 132 చేరుస్తారు, మొత్తం 211, కాలం 2.1 సెకన్లు. మాటకు అదీ ఎక్కువే. పాఠం చెప్పే గదికి ముప్పాతిక సెకను నుంచి సెకను వరకు ఉంటే హాయి. సెకనుకు దించాలంటే A 441 కావాలి. మనుషులు పోను ఇంకా 230 చదరపు మీటర్ల సంపూర్ణ శోషణ. ఫెల్ట్ తన మీద పడినదానిలో సగం మింగుతుందనుకుంటే 460 చదరపు మీటర్ల ఫెల్ట్ కప్పాలి. సాబిన్ చివరికి చేసింది గోడలకు వెంట్రుకల ఫెల్ట్ కట్టించడమే. ఫలితం అద్భుతం కాదు గాని పాఠాలు చెప్పుకోవడానికి పూర్తిగా పనికొస్తోందని ఆయనే నిజాయితీగా రాసుకున్నాడు. ఆ భవనం 1973లో కూల్చేవరకు నిలిచింది.

లెక్కలో దాగిన ఒక పాఠాన్ని గమనించాలి. మొదటి 63 మీటర్ల కుషన్ కాలాన్ని 1.7 సెకన్లు తగ్గించింది. 128 దాటాక వేసిన 114 మీటర్లు తగ్గించింది 0.8 సెకన్లే. హాలు ఎంత బోసిగా ఉంటే మొదటి కొద్దిపాటి శోషకం అంత గొప్పగా కనిపిస్తుంది. అది చూసి కాంట్రాక్టరు ఇంకా అంతే వేస్తే ఇంకా అంత తగ్గుతుందని చెబితే నమ్మకూడదు.

ఇక శోషకాలు ఏం చేస్తాయో దగ్గరగా చూద్దాం. ఫెల్ట్, గ్లాస్‌వూల్, దళసరి తెర, ఇవన్నీ ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. శబ్దమంటే గాలి ముందుకూ వెనక్కీ ఊగడం. ఆ ఊగే గాలి సన్నని పోగుల మధ్య సందుల్లో దూరి రాసుకుంటుంది, శక్తి వేడిగా మారుతుంది. కొలవడానికి కూడా చాలనంత చిన్న వేడి. అందుకు రెండు షరతులు. సందులు పైకి తెరుచుకుని, ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి. శోషకం, గాలి బాగా ఊగే చోట ఉండాలి.

మొదటి షరతు తెలియకపోవడం వల్ల మన దగ్గర చాలా డబ్బు వృథా అవుతోంది. థర్మోకోల్ తేలిగ్గా, గాలి నిండి ఉంటుంది కాబట్టి శబ్దాన్ని పీల్చుతుందనుకుని పైకప్పుకు అంటిస్తారు. దానిలోని గాలి మూసిన గదుల్లో బందీ. శబ్దం లోపలికి పోదు, పైనుంచే తిరిగి వచ్చేస్తుంది. కోడిగుడ్ల అట్టల సంగతీ అంతంతే: పలచని అట్ట, పైన గడ్డలు గడ్డలుగా ఉన్న ఆకారం. ఆ ఆకారం ఎక్కువ కంపనాల శబ్దాన్ని కాస్త చెదరగొడుతుంది, మింగేది తక్కువ, పైగా నిప్పంటుకుంటే ప్రమాదం. మంచి మినరల్ ఫైబర్ టైల్స్ వేసి కొన్నేళ్ళకు మాసిపోయాయని వాటి మీద రంగు దట్టంగా కొట్టించే హాళ్ళు కూడా ఉన్నాయి. రంగు సందులు మూసేస్తుంది. ఆ టైల్ అప్పటినుంచి మామూలు పలకతో సమానం. అనుమానం వస్తే ఒక సులువైన పరీక్ష ఉంది. ముక్కను పెదవులకు ఆనించి ఊదండి. గాలి లోపలికి, కాస్త అడ్డుపడుతూ, పోతే అది శోషకం. అసలే పోకపోతే అలంకారం.

రెండో షరతు ఇంకా సూక్ష్మమైనది. గోడను ఆనుకున్న గాలి ఊగలేదు, గోడ అడ్డు కదా. ఊపు ఎక్కువగా ఉండేది గోడ నుంచి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దూరంలో. సెకనుకు వెయ్యి కంపనాల శబ్దానికి తరంగదైర్ఘ్యం 34 సెంటీమీటర్లు, నాలుగో వంతు ఎనిమిదిన్నర. రెండంగుళాల గ్లాస్‌వూల్ దాన్ని చక్కగా పట్టేస్తుంది. 125 కంపనాల బొంగురు శబ్దానికి తరంగదైర్ఘ్యం 2.7 మీటర్లు, నాలుగో వంతు దాదాపు 70 సెంటీమీటర్లు. అంత మందం ఎవరు కట్టగలరు? అందుకే పలచని కార్పెట్, గోడకు అతికించిన పలచని ఫెల్ట్ పరిచిన గదుల్లో విచిత్రం జరుగుతుంది: సకారాలు, శకారాలు చచ్చిపోతాయి, బొంగురు హోరు మాత్రం మిగులుతుంది. స్పష్టత పెరగకపోగా మాట మొద్దుబారినట్టు అనిపిస్తుంది. దానికి చౌక ఉపాయం శోషకానికీ గోడకూ మధ్య గాలి ఖాళీ వదలడం. పైకప్పు నుంచి ముప్పై, నలభై సెంటీమీటర్లు దించి వేలాడదీసిన ఫైబర్ టైల్, స్లాబుకు అతికించిన అదే టైల్ కన్నా బొంగురు శబ్దాలను చాలా బాగా పడుతుంది. తెరను కూడా గోడకు దూరంగా, మడతలు పడేలా వేలాడదీయాలి.

ఇప్పుడు మొదట ఊహించుకున్న సెమినార్ హాలుకు తిరిగి వద్దాం. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో, డిగ్రీ కాలేజీల్లో ఇలాంటివి ఎన్నో: విట్రిఫైడ్ టైల్స్ నేల, నున్నటి పుట్టీ గోడలు, అద్దాల కిటికీలు, స్లాబు. ఘనపరిమాణం 600 ఘనమీటర్లు, తలాల వైశాల్యం 500 చదరపు మీటర్లు, సగటున నూటికి ఐదు పాళ్ళు మింగితే A 25. ఖాళీగా కాలం 3.9 సెకన్లు. తాకిళ్ళు లెక్కపెట్టి మొదట 3.8 అనుకున్నాం, దాదాపు అదే. వంద మంది విద్యార్థులు వస్తే 44 చేరి A 69 అవుతుంది, కాలం 1.4. అందుకే నిండు సభలో ఫర్వాలేదనిపించిన హాలు, ముప్పై మంది వచ్చిన రోజున భరించలేనట్టు ఉంటుంది.

పైకప్పులో వంద చదరపు మీటర్ల మేర, నూటికి అరవై పాళ్ళు మింగే టైల్స్ వేలాడదీశామనుకోండి. అరవై చేరుతుంది. ఖాళీ హాలులో A 85, కాలం 1.14. వంద మందితో A 129, కాలం 0.75. పని అయిపోయింది. పైకప్పు 150 చదరపు మీటర్లయితే వందే ఎందుకు వేశాం? మిగిలిన యాభైని కావాలనే వదిలాం. వేదిక ముందు, మధ్యభాగంలో పైకప్పు నున్నగా ఉంటే ఉపాధ్యాయుడి మాట దానికి తగిలి, నేరుగా వచ్చే మాట వెనకే క్షణంలో వెనక వరసకు చేరుతుంది. సెకనులో ఇరవయ్యో వంతు లోపల వచ్చే తాకిళ్ళను చెవి అసలు మాటకు బలంగా కలుపుకుంటుంది. వాటిని మింగేస్తే ఉపాధ్యాయుడు గొంతు చించుకోవాలి. టైల్స్ అంచుల వెంట, వెనక భాగంలో వేయాలి.

ఇంకొక చోటు వెనక గోడ. వేదిక నుంచి బయల్దేరి వెనక గోడకు తగిలి తిరిగి వచ్చే మాట ముందు వరసల వాళ్ళకు ముప్పై మీటర్ల దాకా ఎక్కువ ప్రయాణించి వస్తుంది. అంటే దాదాపు సెకనులో పదకొండో వంతు ఆలస్యం. అది విడి ప్రతిధ్వనిగానే వినపడుతుంది. ఇక్కడ సాబిన్ సూత్రం ఏమీ చెప్పదు. దానికి శోషకం ఎక్కడుందో పట్టదు, ఎంతుందో మాత్రమే కావాలి. శబ్దం గది అంతటా సమంగా కలిసిపోయి ఉందన్నది దాని నమ్మకం. పైకప్పు అంతా మెత్తగా, గోడలు నాలుగూ నున్నగా ఉన్న గదిలో ఎదురెదురు గోడల మధ్య శబ్దం చిటపటలాడుతూ మిగిలిపోతుంది, లెక్కలో 0.75 వచ్చినా చెవికి మరేదో వినిపిస్తుంది. వెనక గోడకు కొంత శోషకం, పక్క గోడల్లో ఒకదానికైనా కొంత పెట్టడం ఈ లోపాలకు మందు. శోషణ చాలా ఎక్కువయిన స్టూడియో గదుల్లో కూడా సూత్రం తప్పుతుంది: నూటికి నూరు పాళ్ళు మింగే గదికి సున్నా రావాలి, అది మాత్రం సున్నా చెప్పదు.

జనం లెక్కలో కూడా ఒక మెలిక ఉంది. బోస్టన్ సంగీత మందిరం 1900లో తెరిచారు. నిండు సభలో 2.31 సెకన్లు వస్తుందని సాబిన్ లెక్క వేశాడు. ఇప్పటి పరికరాలతో కొలిస్తే 1.9 దరిదాపుల్లో ఉంటుంది. కుర్చీలు దగ్గరగా ఉన్నా దూరంగా ఉన్నా తలకు ఇంత అని లెక్కించడం వల్ల ఈ తేడాలో చాలా భాగం వచ్చింది. తలలను కాదు, జనం ఆక్రమించిన నేల వైశాల్యాన్ని లెక్కించాలని తరువాతి తరం తేల్చింది. అయినా ఆ మందిరం ప్రపంచంలోని ఉత్తమ సంగీత మందిరాల్లో ఒకటిగా నిలిచింది.

మీ హాలు కాలాన్ని తెలుసుకోవడానికి ఆర్గన్ గొట్టం అక్కర్లేదు. హాలు ఖాళీగా, ఫ్యాన్లు, ఏసీలు ఆపి ఉన్నప్పుడు వేదిక దగ్గర ఒక పెద్ద బెలూన్ పగలగొట్టండి. పది మీటర్ల దూరంలో ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ రికార్డును డెసిబెల్ గీతగా చూపే ఏ ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరిచి, శిఖరం తరువాత ఐదు డెసిబెల్‌లు దిగిన చోటు నుంచి ముప్పై ఐదు దిగిన చోటు వరకు ఎంత సమయం పట్టిందో చూడండి. దాన్ని రెట్టింపు చేస్తే ప్రతినాద కాలం. అరవై డెసిబెల్‌ల వరకూ ఆగకపోవడానికి కారణం, అంతలోపే బయటి చప్పుడు తోకను మింగేస్తుంది. గీత తిన్నగా దిగకుండా మధ్యలో విరిగి రెండు వాలులుగా కనిపిస్తే శోషకం ఒకే వైపు పోగుపడిందని అర్థం. మధ్యలో ఎక్కడైనా ఒక ముల్లు లేస్తే అది వెనక గోడ ప్రతిధ్వని.

కొత్త ఆడిటోరియం కట్టించే కాలేజీ యాజమాన్యాలకు, కల్యాణమండపాల వాళ్ళకు ఒక్క విన్నపం. పెద్ద ఆంప్లిఫయర్‌కు ఆర్డర్ ఇచ్చే ముందు ఆర్కిటెక్టును ఒక కాగితం అడగండి. అందులో హాలు ఘనపరిమాణం, ప్రతి తలానికి వైశాల్యం, గుణకం, ఖాళీగా ఎంత, సగం జనంతో ఎంత, నిండుగా ఎంత, ఇవి 125, 500, 2,000 కంపనాల దగ్గర విడివిడిగా ఉండాలి. ఆ కాగితం రాయడానికి ఒక సాయంత్రం చాలు. ప్లాస్టరింగ్ పూర్తయ్యాక సరిచేయడానికి లక్షలు ఖర్చవుతాయి.